థైరాయిడ్ తగ్గితే తిండి తగ్గి బరువెందుకు పెరుగుతుంది? కొన్ని అపోహలు - వాస్తవాలు

"డాక్టర్ గారూ, ఒట్టు, ఇదివరకటిలో సగం కూడా తినట్లేదు, నీళ్లు తాగినా లావైపోతున్నాను." ఈ మాట అన్నవాళ్ల పక్కనే ఇంట్లోవాళ్లు ఒకరు కూర్చుని నవ్వు ఆపుకుంటూ ఉంటారు. నాకు ఆ నవ్వు చూస్తే ఒళ్లు మండుతుంది. థైరాయిడ్ బాగా తగ్గినవాళ్ల విషయంలో ఆ మాట చాలావరకు నిజం.

అపోహ: ఆకలి లేనివాళ్లు బరువెలా పెరుగుతారు, చాటుగా తింటూ ఉండాలి.

వాస్తవం: ఆకలి తగ్గడం, మోషన్ రాకపోవడం, బరువు పెరగడం మూడు జబ్బులు కావు. థైరాయిడ్ హార్మోన్ తగ్గితే ఒంట్లో పనులన్నీ నెమ్మదిస్తాయి. ఖర్చయ్యే శక్తి తగ్గుతుంది కాబట్టి ఆకలీ తగ్గుతుంది. పేగుల కదలిక మందగిస్తుంది, మలం పెద్దపేగులో ఎక్కువసేపు ఉండిపోతుంది, అంతసేపూ పేగు అందులోని నీటిని లాగేస్తూనే ఉంటుంది, అందుకే గట్టిపడుతుంది. పొట్ట నిండినట్టే ఉంటే ఉన్న ఆ కాస్త ఆకలీ చచ్చిపోతుంది.

మరి బరువు? ఖర్చు తగ్గింది కాబట్టి కొంత కొవ్వు చేరుతుంది, కాదనను. కానీ పెరిగిన బరువులో ఎక్కువ భాగం ఉప్పూ నీరే. హార్మోన్ తగ్గినప్పుడు చర్మం కింద హైలురోనిక్ ఆసిడ్ లాంటి పదార్థాలు పేరుకుని నీటిని పట్టి ఉంచుతాయి, నీటిని బయటికి పంపడంలో కిడ్నీలు కూడా వెనకబడతాయి. పొద్దున లేచేసరికి కళ్ల కింద ఉబ్బు, వేలికి బిగుసుకున్న ఉంగరం, నొక్కినా గుంట పడని వాపు దీని గుర్తులు. మామూలుగా ఇలా పెరిగేది 2 నుంచి 4 కిలోలు, అంతే. 15 కిలోలు పెరిగి మొత్తం థైరాయిడ్ మీదకు తోసేస్తే నేను ఒప్పుకోను, వేరే కారణం వెతకాల్సిందే.

ఇది తెలియక జనం చేసే పని పస్తులుండటం. ఇప్పటికే తక్కువ తింటున్న మనిషి ఇంకా మానేస్తే మలం పరిమాణం తగ్గి మలబద్ధకం ముదురుతుంది, పట్టిన నీరు మాత్రం అలాగే ఉంటుంది. ఆ తర్వాత మోషన్ కోసం ఏదో పొడి మొదలుపెడతారు. అసలు తంటా ఇక్కడే.

నలభై దాటిన ఒకావిడ సంగతి చెబుతాను. ఏడాదిలో 64 నుంచి 68 కిలోలయ్యారు, థైరాయిడ్ తగ్గేకొద్దీ రక్తంలో పెరిగే టీఎస్‌హెచ్ చూస్తే 46. మాత్ర రాశాను. రెండు నెలలకు చూస్తే ఇంకా 21. ఒక్కరోజు కూడా మానలేదంటారు, మొహం చూస్తే అబద్ధమూ కాదు. డోసు పెంచే ముందు, లేచిన దగ్గర్నుంచి ఏమేం మింగుతారో వరసగా చెప్పమన్నాను. పరగడుపున థైరాయిడ్ మాత్ర, దాంతోపాటే రక్తం తక్కువని ఎవరో ఇచ్చిన ఐరన్ మాత్ర, ఆ వెంటనే గ్లాసు నీళ్లలో పీచు పొడి. ఇంకేముంది! ఐరన్ ఏం చేస్తుందంటే, థైరాయిడ్ మాత్రలోని లెవోథైరాక్సిన్ అనే మందును పట్టేసుకుని ఒంటికి అందనివ్వదు, పైగా అదే మలబద్ధకాన్నీ పెంచుతుంది. పీచు పొడి కూడా మందు ఒంటికి పట్టడాన్ని తగ్గించగలదు.

డోసు ముట్టుకోలేదు. పరగడుపున థైరాయిడ్ మాత్ర ఒక్కటే, వట్టి నీళ్లతో, ఆ తర్వాత అరగంట నుంచి గంట వరకు ఏమీ వద్దన్నాను. ఐరన్‌ను మధ్యాహ్నానికి, పొడిని రాత్రికి జరిపాం. ఐరన్, కాల్షియం, ఎసిడిటీ మందులకు థైరాయిడ్ మాత్రతో కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. మరో రెండు నెలలకు టీఎస్‌హెచ్ 3.8. మోషన్ దారికొచ్చింది, ఆకలి తిరిగొచ్చింది, మూడు కిలోలు తగ్గారు. ఆకలి పెరిగి బరువు తగ్గడం ఆవిడకే వింతగా అనిపించింది. నాలుగో కిలో మాత్రం పోలేదు, అది నీరు కాదు.

డోసు మార్చాక వారానికే మళ్లీ పరీక్ష చేయించుకుని టెన్షన్ పడకండి, టీఎస్‌హెచ్ కుదురుకోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది.

మాత్ర ఎక్కువ వేసుకుంటే సన్నబడతామన్న పుకారు గురించి ఒక్క మాటే: గుండె లయ తప్పుతుంది, ఎముకలు పలచబడతాయి, వద్దు.

టీఎస్‌హెచ్ 6, 7 దగ్గర ఉండి థైరాయిడ్ హార్మోనైన టీ4 మామూలుగా ఉంటే ఆకలి, మోషన్, బరువు ఈ మూడింటికీ థైరాయిడ్‌నే దోషిగా నిలబెట్టడం తొందరపాటు. మలబద్ధకంతోపాటు రక్తం పడుతున్నా, ఆకలి చచ్చి బరువు పెరగకుండా తగ్గుతున్నా థైరాయిడ్ రిపోర్టు పట్టుకుని కూర్చోకండి, పేగుల పరీక్ష సంగతి మీ డాక్టర్‌ని అడగండి.