మైపాడు ఒడ్డున అలివి వల, చేతిలో ఫోన్

నెల్లూరు దగ్గర మైపాడు బీచ్‌లో తెల్లవారుజామున అలివి వలని, అంటే ఒడ్డు నుంచే తాళ్లతో లాగే పెద్ద వలని, లాగుతుంటే ఫోన్‌ని నిలువుగా పట్టుకుని వీడియో తీశాను. ఇంటికొచ్చి చూస్తే తాళ్లు లాగేవాళ్ల మొహాలు కాసేపు తెల్లగా, కాసేపు నల్లగా. దానికి తోడు ఒకటే ఊగులాట. "ఏంది మామా, నీ ఫోన్‌కి లో వోల్టేజీనా?" అన్నాడు మా మేనల్లుడు.

ముందు ఊగులాట సంగతి. మన చెయ్యి పక్కకు జరగడం పెద్ద నష్టం కాదు. 20 మీటర్ల దూరంలోని పడవని తీస్తూ ఫోన్ ఒక సెంటీమీటరు జరిగినా తెరమీద ఆ తేడా కనిపించదు. అదే మణికట్టు ఒక్క డిగ్రీ తిరిగితే, 1080 పిక్సెల్‌ల వెడల్పున్న నిలువు ఫ్రేములో పడవ సుమారు 25 పిక్సెల్‌లు పక్కకు ఎగురుతుంది. ఒంటిచేత్తో ఫోన్ అడుగున పట్టుకుంటే, కెమెరా ఉండే పైభాగం బరువుకి మణికట్టు తిరుగుతూనే ఉంటుంది. అందుకే రెండు చేతులతో, మోచేతులు పక్కటెముకలకు ఆనించి పట్టుకోవాలి. తిప్పాలంటే నడుము దగ్గర్నుంచి తిరగాలి.

ఫోన్‌లోని స్టెబిలైజేషన్ మిగిలిన కుదుపుని సర్దుతుంది. జైరోస్కోప్ కదలికని పసిగడితే, సాఫ్ట్‌వేర్ ఫ్రేము అంచుల్ని కాస్త కోసి, బొమ్మని ఎదురువైపు జరుపుతుంది. దృశ్యం కొంచెం దగ్గరగా కనిపించేది ఈ కోత వల్లే. అయితే తెల్లవారకముందు వెలుతురు చాలక ఒక్కో ఫ్రేము ఎక్కువసేపు వెలుతురు పీల్చుకోవాలి. ఆ కాస్త వ్యవధిలో చెయ్యి కదిలితే ఫ్రేము లోపలే బొమ్మ అలుక్కుపోతుంది. దాన్ని ఏ కోతా బాగుచెయ్యలేదు. ఇంకో పావుగంట ఆగి తీయడమే మేలు.

ఇక మొహాల రంగు. తెల్లటి నురగ ఫ్రేములోకి రాగానే వెలుతురు మరీ ఎక్కువైందనుకుని ఫోన్ మొత్తం దృశ్యాన్ని చీకటి చేస్తుంది. అల వెనక్కి పోయి తడి ఇసుక మిగిలితే మళ్లీ వెలిగిస్తుంది. దీన్ని ఆపాలంటే రికార్డింగ్‌కి ముందే తెరమీద తాడు లాగే మనిషి చొక్కా మీద వేలు నొక్కి పట్టాలి. వెలుతురు, ఫోకస్ రెండింటికీ అక్కడే తాళం పడుతుంది. ఐఫోన్‌లో AE/AF LOCK అని వస్తుంది, చాలా ఆండ్రాయిడ్ ఫోన్‌లలో తాళం బొమ్మ వస్తుంది. వెనక ఆకాశం తెల్లబోతుంటే పక్కనే వచ్చే సూర్యుడి గుర్తుని కాస్త కిందికి లాగాలి. మొహం కొంచెం నల్లబడ్డా నష్టం లేదు, ఆకాశం రంగు దక్కుతుంది. సూర్యుడు పైకి వచ్చేకొద్దీ వెలుతురు మారుతుంది కాబట్టి ప్రతి షాట్‌కీ మళ్లీ నొక్కాలి.

మరుసటి ఆదివారం అలాగే తీశాను. వెలుతురు నిలబడింది. కానీ నేను ఫోకస్ తాళం వేసిన పెద్దాయన తాడు పట్టుకుని వెనక్కి నడుస్తూ నా వైపే వచ్చాడు. ఫోకస్ ఉన్నది నాలుగైదు మీటర్ల దూరానికి. ఆయన మూరెడు దూరంలోకి వచ్చేసరికి వీపంతా మసక, వెనక సముద్రం మాత్రం స్పష్టం. ఎదురొచ్చే మనిషిని తీసేటప్పుడు వెలుతురుకి మాత్రమే తాళం వేసి, ఫోకస్‌ని ఫోన్‌కే వదిలెయ్యాలి. మీ కెమెరా యాప్‌లో ఆ రెండూ విడిగా లేకపోతే, ఆయన వచ్చేకొద్దీ మనమే అంతే దూరంలో వెనక్కి నడవాలి. ఇసుకలో మోకాళ్లు కాస్త వంచి, వెనక తాళ్లు లేవని ముందే చూసుకుని.