మెడ సిర మాట నమ్మొచ్చా? తగువు అసలు ఎక్కడ మొదలైంది

జేబులో పట్టే అల్ట్రాసౌండ్ ప్రోబ్ వచ్చాక పాత తగువు మళ్లీ రాజుకుంది. హార్ట్ ఫెయిల్యూర్‌తో ఆయాసపడుతున్న మనిషి గుండెలో ఫిల్లింగ్ ప్రెషర్ ఎంత పెరిగిందో మెడ సిర చూసి, గుండె చప్పుళ్లు విని చెప్పడం ఇంకా అవసరమా అన్నదే ప్రశ్న. అక్కర్లేదనే వాళ్లు చూపించే ఆధారాలు చాలావరకు ఒకే కాలానివి. కాబట్టి లెనెక్ స్టెతస్కోప్ దగ్గర్నుంచో, మెకంజీ గీయించిన మెడ నాడి గీతల దగ్గర్నుంచో మొదలుపెట్టే పని లేదు. అవి వైద్యం చదివిన అందరికీ తెలిసినవే.

కథ మలుపు తిరిగింది 1970లో. స్వాన్, గాంజ్ బృందం కొసన బుడగ ఉన్న కాథెటర్‌ను తెచ్చింది. సిరలోంచి పుపుస ధమని దాకా పంపి బుడగ ఊదితే ఎడమ కర్ణికలో పీడనం ఎంతో పరోక్షంగా తెలుస్తుంది. దాన్నే వెడ్జ్ ప్రెషర్ అంటారు. అప్పటిదాకా డాక్టరు అంచనాను సరిచూసే అంకె మంచం దగ్గర లేదు. ఇప్పుడు వచ్చింది. 1983లో ఐసీయూ రోగుల మీద చేసిన అధ్యయనంలో కాథెటర్ వేయకముందు వెడ్జ్ ప్రెషర్ ఎంత ఉంటుందో డాక్టర్లను చెప్పమంటే, సగం సార్లు కూడా సరిగా చెప్పలేకపోయారు.

అసలు దెబ్బ 1989లో పడింది. స్టీవెన్‌సన్, పెర్లాఫ్ దీర్ఘకాలిక హార్ట్ ఫెయిల్యూర్ ఉన్న 50 మందిని పరీక్షించి, ఆపైన కాథెటర్‌తో కొలిచారు. 43 మందిలో వెడ్జ్ 22 మి.మీ. లేదా అంతకంటే ఎక్కువ. వీళ్లలో 18 మందికి ఊపిరితిత్తుల్లో క్రెపిటేషన్లు లేవు, కాళ్ల వాపు లేదు, మెడ సిర కూడా ఉబ్బలేదు. అప్పట్నుంచీ ‘బెడ్‌సైడ్ పరీక్ష పనికిరాదు’ అనేవాళ్ల నోట ఈ 18 మందే.

అదే పేపర్లోని రెండో సగం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఆ గుర్తులు కనిపించిన ప్రతి ఒక్కరిలోనూ పీడనం నిజంగానే ఎక్కువగా ఉంది. అంటే గుర్తు ఉంటే నమ్మొచ్చు, లేకపోతే కొట్టిపారేయకూడదు. ఒక తిరకాసు మాత్రం ఉంది: పీడనం పెరగని రోగులు ఏడుగురే. ఏడుగురిలో తప్పుడు గుర్తు ఒక్కటీ కనపడలేదని ‘వందకు వంద’ అనేయడం కూడా తొందరపాటే. ఎన్నో ఏళ్లుగా గుండె జబ్బుతో ఉన్నవాళ్ల ఊపిరితిత్తుల్లో లింఫ్ నాళాలు నీటిని లాగేయడానికి అలవాటు పడిపోతాయి కాబట్టి, పీడనం ఎంత ఉన్నా క్రెపిటేషన్లు వినిపించకపోవచ్చు. అది వినేవాడి చెవి లోపం కాదు.

మెడ సిర విషయంలో తప్పు ఇంకో చోట ఉంది. దానికోసం 1930కి వెళ్లాలి. ఆ ఏడాది థామస్ లూయిస్ ఒక చక్కటి సంగతి గమనించాడు. ఆరోగ్యవంతుడు పడుకున్నా కూర్చున్నా, సిరలో రక్తం పైమట్టం స్టెర్నల్ యాంగిల్‌కి (రొమ్ము ఎముక పైభాగంలో చేతికి తగిలే గట్టుకి) దగ్గర్లోనే ఉంటుంది. అంతకంటే బాగా పైకి పోతే అది జబ్బు. ఆయన ఇచ్చింది మట్టం గుర్తు. తరవాత పాఠ్యపుస్తకాలు దానికి లెక్క జోడించాయి: ఆ గట్టు కుడి కర్ణిక మధ్యభాగానికి ఎప్పుడూ 5 సెం.మీ. పైనే ఉంటుంది కాబట్టి, కనిపించిన ఎత్తుకు 5 కలిపితే పీడనం వచ్చేస్తుందని. 2002లో సీటీ స్కాన్లతో కొలిచి చూస్తే, వెల్లకిలా పడుకున్నప్పుడు ఆ దూరం 5కి దగ్గర్లోనే ఉంది. కానీ 45 డిగ్రీలకు లేచేసరికి 10 సెం.మీ. దరిదాపులకు పోయింది.

ఈ తేడా ఎంత పని చేస్తుందో ఒక రోగిని ఊహించుకుని చూద్దాం. అరవై ఏళ్ల మనిషి, పాత హార్ట్ ఎటాక్, వారంగా ఆయాసం. మంచం తల భాగం 45 డిగ్రీలకు లేపి, మెడ కొద్దిగా ఎడమకు తిప్పించి, కుడి పక్క మీదికి లైటు ఏటవాలుగా వేశారు. చర్మం కింద ఒక్కో గుండె దెబ్బకు రెండుసార్లు అల కదులుతోంది. పైకి తోసే ఊపు కంటే లోపలికి జారే ఊపే స్పష్టంగా కనిపిస్తోంది. వేలు పెడితే చేతికి తగలడం లేదు. కాలర్‌బోన్ పైన మెల్లగా నొక్కితే పోతోంది. కెరోటిడ్ ధమని అయితే ఒకే దెబ్బ, అది చేతికి గట్టిగా తగులుతుంది. అల పైకొస నుంచి ఒక కార్డును అడ్డంగా పెట్టి, స్టెర్నల్ యాంగిల్ మీద స్కేలు నిలువుగా నిలబెడితే 4.5 సెం.మీ. వచ్చింది.

పాత లెక్కలో 5 కలిపితే 9.5 సెం.మీ. నీరు. 1.36తో భాగిస్తే 7 మి.మీ. పాదరసం. ‘ఫరవాలేదు, నార్మలే’ అనేయొచ్చు. ఈ భంగిమలో నిజమైన దూరం 10 అనుకుంటే 14.5 సెం.మీ., అంటే దాదాపు 10.7 మి.మీ. ఇది కచ్చితంగా ఎక్కువే. చూసింది ఒకటే మెడ, తప్పింది చివరి కూడిక. స్టెర్నల్ యాంగిల్ మీద 3 సెం.మీ. దాటితే ఎక్కువ అన్న లూయిస్ తరహా తీర్పు ఇచ్చి ఉంటే మొదటే సరిపోయేది.

ఇదే రోగికి కడుపు మధ్యలో అరచేత్తో పది సెకన్లపాటు నిలకడగా ఒత్తారు. ఊపిరి బిగబట్టకుండా మామూలుగా పీల్చమన్నారు. బిగబడితే పరీక్ష చెడిపోతుంది. మట్టం పైకి లేచి అక్కడే నిలబడింది, చెయ్యి తీయగానే 4 సెం.మీ.కి పైగా పడిపోయింది. ఎడమవైపు పీడనం కూడా పెరిగిందనడానికి ఇది బలమైన గుర్తు. తరవాత ఎడమ పక్కకు తిప్పి, గుండె కొస మీద స్టెతస్కోప్ బెల్ వైపు తేలిగ్గా ఆనిస్తే, రెండో చప్పుడు వెంటే మందంగా మూడోది వినిపించింది. బెల్‌ను గట్టిగా అదిమితే ఆ చప్పుడు మాయమవుతుంది. చాలామంది వినలేకపోవడానికి అదే కారణం. 2005లో యంత్రంతో చప్పుళ్లు రికార్డు చేసి చూస్తే, ఎడమ జఠరిక పీడనం పెరిగినవాళ్లలో మూడో చప్పుడు దొరికింది 41 శాతం మందిలోనే. పీడనం పెరగనివాళ్లలో 92 శాతం మందికి అది లేదు. యంత్రం విన్నా కథ 1989 నాటిదే: ఉంటే నమ్ము, లేకపోతే ఆగు.

ప్రోబ్ పక్షం వాదనలోనూ సత్తువ ఉంది. లావు మెడలో సిర కనిపించదు. చూసే డాక్టర్ని బట్టి మట్టం మారిపోతుంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే ప్రోబ్ నేరుగా పట్టేస్తుంది. అయితే ఇన్‌ఫీరియర్ వీనా కావా వెడల్పు కొలిచి ‘ప్రెషర్ ఇంత’ అనేవాళ్లు మర్చిపోయేదొకటుంది. ఆ సిర కూడా చెప్పేది కుడి కర్ణిక సంగతే. హార్ట్ ఫెయిల్యూర్ రోగులు వెయ్యి మందిలో కాథెటర్‌తో రెండువైపులా కొలిచి 1999లో ప్రచురించిన లెక్కల ప్రకారం, కుడివైపు 10 దాటడం, ఎడమవైపు 22 దాటడం ఒకదానికొకటి సరిపోయింది 79 శాతం మందిలో. మిగతా ఐదో వంతు మందిలో కుడివైపు చూసి ఎడమవైపు చెబితే తప్పుతుంది. అక్కడ మెడ ఎంత తప్పుతుందో, వీనా కావా మీద పెట్టిన ప్రోబూ అంతే తప్పుతుంది.