దొరికిన పదాన్ని మార్చొద్దు: యాదృచ్ఛిక పదాల పద్ధతిపై అపోహలు - వాస్తవాలు

ఐడియాల సెషన్లు నడిపేటప్పుడు నేను బోర్డు మీద ముందుగా చూసేది క్రియలను. గ్రంథాలయానికి పుస్తకాలు ఆలస్యంగా తిరిగొస్తున్నాయన్న సమస్యనే తీసుకోండి. జరిమానా పెంచుదాం, మెసేజ్ పంపుదాం, ఫోన్ చేద్దాం, కార్డు ఆపేద్దాం అంటూ బోర్డు నిండిపోతుంది. అన్నీ కలిపి చూస్తే ఉన్నవి రెండే పనులు: గుర్తుచేయడం, శిక్షించడం. ఇక ఎంతసేపు కూర్చున్నా ఆ రెండింటికే కొత్త పేర్లు పెడుతుంటాం. అప్పుడే నేను యాదృచ్ఛిక పదాన్ని బయటికి తీస్తాను, అంటే సమస్యతో సంబంధం లేని ఏదో ఒక పదాన్ని తీసుకుని, దాని నుంచి కొత్త ఆలోచన రాబట్టడానికి చూస్తాను. అలవాటైన దారి వదిలి పక్క దారుల్లో ఆలోచించడానికి లేటరల్ థింకింగ్ అనే మాటను 1967లో వాడుకలోకి తెచ్చిన ఎడ్వర్డ్ డి బోనో ప్రచారం చేసిన పద్ధతుల్లో ఇదొకటి. అందరికీ తెలిసిన పద్ధతే కానీ, దాన్ని వాడే తీరులో అపోహలు చాలా ఉన్నాయి.

అపోహ: పదం నప్పకపోతే ఇంకోటి తీసుకోవచ్చు.

వాస్తవం: ఈ పద్ధతిని పాడుచేసేది ఎక్కువగా ఇదే. "ఇది మన సమస్యకు కుదరదు" అని పదాన్ని పక్కన పెట్టామంటే, దాన్ని పాత ఆలోచనతోనే కొలిచామన్నమాట. మూడు పదాలు మార్చి నాలుగోది ఉంచుకుంటే, అది ముందే మనసులో ఉన్న ఐడియాకు దగ్గరగా ఉండే పదమే అవుతుంది. అందుకే ఎంపికను మన చేతుల్లో ఉంచుకోకూడదు. అరవై పదాల జాబితా ముందే రాసుకుని, గడియారంలో సెకన్ల ముల్లు ఎక్కడుందో చూసి ఆ అంకె దగ్గరున్న పదం తీసుకోవాలి. కళ్లకు కనిపించే వస్తువుల పేర్లయితే మేలు. "స్వేచ్ఛ", "నాణ్యత" లాంటి పదాలు దేనికైనా అతుక్కుపోతాయి, కాబట్టి కొత్తగా ఏమీ ఇవ్వవు.

అపోహ: పదాన్ని సమస్యకు తగిలిస్తే ఐడియా అయిపోయినట్టే.

వాస్తవం: పై సమస్యకు "గొడుగు" వచ్చిందనుకోండి. వెంటనే ఎవరో ఒకరు "సమయానికి తెచ్చినవాళ్లకు గొడుగు బహుమతి ఇద్దాం" అంటారు. నవ్వుకోవచ్చు, తప్పు లేదు. కానీ అది వస్తువును తెచ్చి సమస్య పక్కన పెట్టడం మాత్రమే. బహుమతి అనేది జరిమానాకు తిరగేసిన రూపం, అంతకు మించి ఏమీ లేదు.

చేయాల్సింది వేరు. సమస్యను కాసేపు మరిచిపోయి, గొడుగు గురించే ఐదారు వాక్యాలు రాయాలి. మడిస్తే చిన్నదవుతుంది. ఇద్దరు కలిసి వాడుకోవచ్చు. గాలికి తిరగబడుతుంది. ఎక్కడో మరిచిపోయి వస్తాం. వాన మొదలైతేనే గుర్తొస్తుంది. విశేషణాల కంటే ఇలాంటి పనులు, సందర్భాలే ఉపయోగపడతాయి.

ఇప్పుడు ఒక్కో వాక్యాన్ని సమస్య దగ్గరికి తీసుకెళ్లాలి. "వాన మొదలైతేనే గుర్తొస్తుంది" అన్నదాన్నే చూడండి. గొడుగు ఎక్కడుందన్న సంగతి అవసరం పడినప్పుడే మనకు గుర్తొస్తుంది. మరి పుస్తకానికి వాన ఏది? ఇంకొక పాఠకుడు అదే పుస్తకం అడగడం. ఎవరూ అడగని పుస్తకం ఒక నెల ఆలస్యమైతే ఎవరికి నష్టం? ఇక్కడే ఐడియా మారుతుంది: అడిగేవాళ్లు లేనంతకాలం గడువు దానంతటదే పొడిగించాలి, ఎవరైనా అడిగిన రోజున మాత్రం "మీ దగ్గరున్న పుస్తకం కోసం ఒకరు ఎదురుచూస్తున్నారు" అని కబురు పంపాలి. గడువును అలా దానంతటదే పొడిగించే గ్రంథాలయాలు నిజంగానే ఉన్నాయి, కాబట్టి ఇది గాల్లో మేడ కాదు. జరిమానా చుట్టూ తిరిగిన బోర్డు మీదికి మాత్రం ఇది రాలేదు, ఎందుకంటే "ఆలస్యం" అంటే ఏమిటని అక్కడ ఎవరూ అడగలేదు. గమనిస్తే, చివరి ఐడియాలో గొడుగు ఎక్కడా లేదు. పదం ఇంకా కనిపిస్తోందంటే సాధారణంగా పని సగంలో ఆగిందని అర్థం.

అపోహ: పదానికీ సమస్యకూ మధ్య కుదిర్చే బలవంతపు పోలికలో అన్ని భాగాలూ సరిపోవాలి.

వాస్తవం: గొడుగు కర్రకు, గుడ్డకు, ఊచలకు గ్రంథాలయంలో జోడీలు వెతుకుతూ కూర్చుంటే అది పొడుపుకథ అవుతుంది. ఒక్క సంబంధం పనిచేస్తే చాలు, మిగతావి వదిలేయండి.

అపోహ: ఆలోచన ఆగిన ప్రతిచోటా ఇది పనిచేస్తుంది.

వాస్తవం: ఆలస్యమవుతున్నవి ఏ పుస్తకాలో, ఎవరి దగ్గర ఉన్నాయో తెలియకపోతే ముందు రిజిస్టరు తెరవాలి. సమాచారం లేక ఆగిపోయిన చోట ఏ పదమూ సాయం చేయదు. సమస్యను ఒక్క వాక్యంలో రాయలేకపోతున్నా అంతే. ఒక పదంతో పది నిమిషాలు గట్టిగా పనిచేశాక కూడా బోర్డు మీదికి కొత్త క్రియ రాలేదంటే, ఆ సెషన్ అక్కడ ఆపేసి మరో రోజు ఇంకో పదంతో మొదలుపెడతాను. అదే సెషన్లో పదం మార్చమని ఎవరు అడిగినా ఒప్పుకోను.