గీత మీది చుక్క: ఇయర్ క్లిప్పింగ్ గురించి అపోహలు

"అన్నా, లూప్ ఆగట్లేదు. నా పాలిగన్‌లోనే ఏదో లోపం ఉన్నట్టుంది." కొత్తగా చేరిన పిల్లల నుంచి ఈ ఫోన్ నాకు తరచూ వస్తుంది. ఇయర్ క్లిప్పింగ్ అంటే పాలిగన్‌ని ఒక్కో త్రిభుజంగా కోసుకుంటూ పోవడం. ఒక శీర్షం తన రెండు పక్క శీర్షాలతో చేసే త్రిభుజం పాలిగన్ లోపలే ఉండి, అందులో వేరే శీర్షం పడకపోతే అది చెవి. పాపం, డేటాని తిట్టుకుంటూ రాత్రంతా కూర్చుంటారు. దిశ అపసవ్యంగా ఉందా, గీతలు ఒకదాన్నొకటి కోసుకోలేదా అని చూసుకున్నాక కూడా చెవి దొరక్కపోతే, తప్పు చెవిని గుర్తించే మీ పరీక్షలో ఉంటుంది. నాలుగు, అంతకు మించి శీర్షాలున్న ప్రతి సింపుల్ పాలిగన్‌కీ కనీసం రెండు చెవులుంటాయని గణితవేత్త మైస్టర్స్ 1975లోనే నిరూపించాడు.

అపోహ: ఒకే గీత మీదున్న శీర్షం దండగ, ముందే తీసేయాలి.

ఎక్కువమందిని ముంచేది ఇదే. A(0,0), P(2,0), B(4,0), C(4,3), D(0,3) తీసుకోండి. P అడుగు గీత మీదే ఉంది. ముందు C దగ్గర చెవి కోశాం, A, P, B, D మిగిలాయి. ఇప్పుడు D చెవా? దాని త్రిభుజం B, D, A. P దాని లోపల లేదు, అంచు మీద ఉంది. మీ పరీక్ష అంచుని "బయట" అనుకుంటే D తెగిపోతుంది, చివరికి A, P, B అనే సున్నా వైశాల్యపు త్రిభుజం చేతికొస్తుంది. అంచుని "లోపల" అనుకుంటే D ఆగుతుంది, A తెగుతుంది, మిగిలిన P, B, D చక్కటి త్రిభుజం. శీర్షాలు అయిదు, త్రిభుజాలు మూడు, P ఎక్కడికీ పోలేదు.

ఇక్కడొక మెలిక. వేగం కోసం చాలామంది లోపలికి వంగిన శీర్షాలనే పరీక్షిస్తారు. P వంగలేదు, చదునుగా ఉంది. అందుకే ఆ జాబితాలోకి ఇలా చేర్చాలి:

```
if (cross(prev, v, next) <= 0) reflex.add(v)
```

P లాంటి శీర్షాన్ని తీసేస్తే ఏమవుతుందంటారా? ఒక లేఅవుట్ మ్యాపులో నేను తీసేశాను. పక్క ప్లాటుకి అదే P మూలశీర్షం. ఎత్తులు ఎక్కించగానే P 30 సెంటీమీటర్లు కిందికి దిగింది, మా ప్లాటు అంచు మాత్రం తిన్నగా ఉండిపోయింది. మధ్య సందులోంచి నేపథ్య రంగు కనిపించింది. రెండు రోజులు గ్రాఫిక్స్ కార్డుని అనుమానించాను!

అపోహ: శీర్షం చదునుగా ఉందా అని చూసేటప్పుడు, క్రాస్ ప్రొడక్ట్ 1e-6 కన్నా తక్కువైతే సున్నా అనుకో, సరిపోతుంది.

ఎవరు పుట్టించారో గానీ, క్రాస్ ప్రొడక్ట్ దూరం కాదు, త్రిభుజ వైశాల్యానికి రెట్టింపు. మీటర్లలో లెక్కిస్తే, అర మిల్లీమీటరు భుజాలున్న లంబకోణపు మూలలో అది 2.5e-7 మాత్రమే. నిక్కచ్చి మూలని చదును అనేస్తారు. పొడవైన భుజంతో భాగిస్తే దూరం వస్తుంది, దాన్ని పోల్చండి.

అపోహ: float చాలు. హైదరాబాద్ దగ్గర UTM మ్యాపు కొలతల్లో నార్తింగ్, అంటే భూమధ్యరేఖ నుంచి ఉత్తరానికి దూరం, సుమారు 19 లక్షల మీటర్లు. అక్కడ 32 బిట్ల floatలో పక్కపక్క సంఖ్యల మధ్య ఎడం 12.5 సెంటీమీటర్లు. ముందు ప్రతి శీర్షం లోంచి మ్యాపు మూల నిరూపకాలని తీసివేసి, తర్వాత float చేయండి.