చమురు సంక్షోభానికి ముందే తెగిన గీత

1962లో అమెరికాలో నిరుద్యోగం 5.5 శాతం, ధరల పెరుగుదల 1 శాతం. 1971లో నిరుద్యోగం దాదాపు అంతే, 5.9 శాతం. ధరలు మాత్రం 4 శాతానికి పైగా పెరిగాయి. ఆ ఏడాది ఆగస్టులో అధ్యక్షుడు నిక్సన్ వేతనాలనూ ధరలనూ 90 రోజుల పాటు ఎక్కడివక్కడ ఆపేయాల్సి వచ్చింది. నిరుద్యోగం తగ్గితే ధరలు పెరుగుతాయి, పెరిగితే ధరలు నెమ్మదిస్తాయి అన్న లంకె చమురు సంక్షోభం వల్ల తెగిపోయిందని చాలామంది చెబుతారు. కానీ అరబ్ దేశాలు చమురు సరఫరా ఆపింది 1973 అక్టోబరులో. లంకె తెగడం అంతకు ముందే మొదలైంది. ఈ వరుస తెలియకపోతే అసలు కారణం చేజారిపోతుంది.

ఆ లంకెకు పేరు తెచ్చినవాడు న్యూజిలాండ్‌లో పుట్టిన బిల్ ఫిలిప్స్. చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యానికి బందీగా జావాలో గడిపి, తర్వాత లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చేరాడు. దేశంలో డబ్బు ఎలా పారుతుందో చూపడానికి గొట్టాలు, తొట్లు పెట్టి నీళ్లతో నడిచే యంత్రం కట్టాడు. 1958లో ఆయన ప్రచురించిన వ్యాసం బ్రిటన్‌లో 1861 నుంచి 1957 వరకు నిరుద్యోగాన్నీ వేతనాల పెరుగుదలనూ పక్కపక్కన పెట్టి చూసింది. పనిలేనివాళ్లు తక్కువగా ఉన్న ఏళ్లలో మనుషులు దొరక్క యజమానులు కూలి పెంచారు. ఎక్కువగా ఉన్న ఏళ్లలో కూలి కదల్లేదు, ఒక్కోసారి తగ్గింది. చుక్కలన్నీ కలిపితే ఎడమ నుంచి కుడికి వంగుతూ దిగే గీత వచ్చింది. ఫిలిప్స్ గీత అంటే అదే.

ఇక్కడ రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఫిలిప్స్ కొలిచింది వేతనాలను, ధరలను కాదు. పైగా ఆయన గీతను 1861 నుంచి 1913 దాకా ఉన్న అంకెలతో గీసి, తర్వాతి కాలాన్ని దాని మీద పెట్టి సరిచూశాడు. ఆ తొలి యాభై ఏళ్లూ బ్రిటన్ తన డబ్బు విలువను బంగారానికి ముడివేసి, బంగారు ప్రమాణం మీద నడిచిన కాలం. ధరలు కొన్నేళ్లు పెరిగేవి, కొన్నేళ్లు తగ్గేవి, ఒకే వైపు పరుగెత్తేవి కావు. వచ్చే ఏడాది బియ్యం, బొగ్గు, ఇంటద్దె ఇంకో 5 శాతం ప్రియమవుతాయని లెక్కవేసుకుని కూలి అడగాల్సిన అవసరం ఆనాటి కార్మికుడికి లేదు. ఆ గీత నిలకడగా కనబడటానికి కారణం అదే. కారణం గీతలో కనబడదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

1960లో అమెరికా ఆర్థికవేత్తలు పాల్ శామ్యూల్‌సన్, రాబర్ట్ సోలో వేతనాల స్థానంలో ధరలు పెట్టి అమెరికాకు అలాంటి గీతే గీశారు. ధరలు కదలకుండా ఉండాలంటే 5.5 శాతం దాకా నిరుద్యోగం భరించాలి, నిరుద్యోగం 3 శాతానికి దిగాలంటే 4.5 శాతం ద్రవ్యోల్బణం ఒప్పుకోవాలి అన్నారు. హోటల్లో మెనూ చూసి ఎంచుకున్నట్టు ఇందులో ఒకటి ఎంచుకోవచ్చన్న భావన అలా పాతుకుంది. కాలం గడిస్తే గీతే జరగవచ్చని వాళ్లు అదే వ్యాసంలో హెచ్చరించారు కూడా. హెచ్చరిక మరుగున పడింది, మెనూ మిగిలింది.

మెనూలో ఉన్న పొరపాటును 1967, 1968లలో ఎడ్మండ్ ఫెల్ప్స్, మిల్టన్ ఫ్రీడ్‌మన్ విడివిడిగా ఎత్తి చూపారు. వాళ్ల వాదన చాలా సాదా. కార్మికుడికి కావాల్సింది చేతికొచ్చే రూపాయల సంఖ్య కాదు, ఆ రూపాయలతో వచ్చే సరుకు. ప్రభుత్వం డబ్బు గుప్పించి గిరాకీ పెంచితే ముందు ధరలు పెరుగుతాయి, కూలి ఇంకా పాత ఒప్పందం మీదే ఉంటుంది. యజమానికి నిజంగా కూలి చవకైంది కాబట్టి ఎక్కువమందిని పెట్టుకుంటాడు. నిరుద్యోగం తగ్గుతుంది. కానీ అది కార్మికుడు మోసపోయినంత కాలమే. ఒప్పందం గడువు తీరగానే పెరిగిన ధరలను కలుపుకుని కూలి అడుగుతాడు. యజమానికి లాభం పోతుంది, ఉద్యోగాలు పాత స్థాయికి వస్తాయి, ధరల పెరుగుదల మాత్రం మిగిలిపోతుంది.

ఇది మనకు కొత్త విషయమేమీ కాదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల కరువు భత్యాన్ని వినియోగదారుల ధరల సూచీని బట్టి ఏడాదికి రెండుసార్లు సవరిస్తారు. డీఏ బకాయిల కోసం ఎదురుచూసే ఇంట్లో పెరిగిన ధర జీతంలో కలవాలన్న పాఠం ఎవరూ చెప్పక్కర్లేదు. జీతాన్ని ధరకు ముడివేసిన చోట ధర పెంచి ఉద్యోగం కొనడం కుదరదు.

లెక్క వేసి చూద్దాం. ఈ అంకెలు ఊహించుకున్నవి. మోసం ఏమీ లేనప్పుడు నిలిచే నిరుద్యోగం 5 శాతం అనుకోండి. దీన్నే ఫ్రీడ్‌మన్ సహజ నిరుద్యోగ రేటు అన్నాడు. నిరుద్యోగం అంతకన్నా ఒక శాతం తగ్గితే, జనం ఊహించినదాని కన్నా ధరలు ఒక శాతం ఎక్కువ పెరుగుతాయి. గతేడాది ఎంత పెరిగాయో ఈ ఏడాదీ అంతే పెరుగుతాయని జనం అనుకుంటారు. ఇప్పుడు ప్రభుత్వం నిరుద్యోగాన్ని 3 శాతం దగ్గర పట్టి ఉంచింది. మొదటి ఏడాది జనం ఊహ సున్నా, ధరలు 2 శాతం పెరుగుతాయి. రెండో ఏడాది ఊహ 2, పెరుగుదల 4. మూడో ఏడాది 6. భయపడి నిరుద్యోగాన్ని మళ్లీ 5కు తెస్తే ద్రవ్యోల్బణం సున్నాకు దిగదు, 6 దగ్గరే ఆగిపోతుంది. అది కిందికి రావాలంటే నిరుద్యోగం 5 దాటి పెరగాలి. మూడేళ్లు 7 దగ్గర ఉంచితే తప్ప మొదలుపెట్టిన చోటికి రాలేం. 1971లో అమెరికా కనిపించింది సరిగ్గా ఈ దారిలోనే: అరవైల చివర తగ్గిన నిరుద్యోగం మళ్లీ పెరిగింది, వెనకటి ఏళ్ల ఊహ ధరల్లో అలాగే ఉంది.

ఆ మీదట చమురు వచ్చింది. పీపా సుమారు 3 డాలర్ల నుంచి 1974 తొలినాళ్లకు 12 డాలర్ల దగ్గరికి చేరింది. చమురు ప్రియమైతే ధర పెరుగుతుంది, అదే దెబ్బకు ఫ్యాక్టరీ పని తగ్గుతుంది. ధరలూ నిరుద్యోగమూ ఒకేసారి పైకి పోతాయి. 1975లో అమెరికాలో నిరుద్యోగం 8.5 శాతం, ద్రవ్యోల్బణం 9 శాతం. ఫిలిప్స్ గీతకు పుట్టినిల్లయిన బ్రిటన్‌లో ధరలు 24 శాతం పెరిగాయి. ఇలా నిరుద్యోగమూ ద్రవ్యోల్బణమూ కలిసి ఎగబాకడానికే స్టాగ్‌ఫ్లేషన్ అని పేరు. చమురు దెబ్బ ఒక్కసారి తగిలి పోవాల్సింది. ధరలు పెరుగుతూనే ఉంటాయన్న నమ్మకం అప్పటికే వేళ్లూనుకుంది కాబట్టి ఆ పెంపు కూడా కూలి ఒప్పందాల్లోకి ఎక్కి కూర్చుంది. రెండో చమురు దెబ్బ 1979లో తగిలేసరికి మళ్లీ అదే కథ.

ఆ నమ్మకాన్ని విరగ్గొట్టే పని 1979 ఆగస్టులో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ అధ్యక్షుడైన పాల్ వోల్కర్ మీద పడింది. డబ్బు సరఫరా బిగించాడు. 1981లో బ్యాంకుల మధ్య స్వల్పకాలిక వడ్డీ రేటు 19 శాతం దాకా పోయింది. అప్పు పుట్టక ఇళ్ల నిర్మాణం ఆగిపోతే, అమ్ముడుపోని కలప ముక్కలను బిల్డర్లు ఆయన కార్యాలయానికి పోస్టులో పంపారు. రైతులు ట్రాక్టర్లతో వచ్చి ఆ భవనాన్ని చుట్టుముట్టారు. 1982 చివర నిరుద్యోగం 10.8 శాతానికి చేరింది. 1980లో 13.5 శాతంగా ఉన్న ద్రవ్యోల్బణం 1983కు 3.2 శాతానికి దిగింది. అరవైల్లో కొన్న చవక ఉద్యోగాల బాకీని వేరే మనుషులు, వేరే దశాబ్దంలో తీర్చారు. నాకు ఈ కథలో మనసుకు పట్టేది అదే.

అయితే గీత అబద్ధమని తేల్చేయడం తప్పు. జనం ఊహ కదలకుండా ఉన్నంత సేపూ అది పనిచేస్తుంది. ఊహ ఎంత ముఖ్యమో 2022లో మళ్లీ తెలిసింది. ఆ జూన్‌లో అమెరికాలో ద్రవ్యోల్బణం 9.1 శాతం, నిరుద్యోగం 3.6 శాతం. ఏడాది తిరిగేసరికి ద్రవ్యోల్బణం 3 శాతానికి పడింది, నిరుద్యోగం 3.6 దగ్గరే ఉంది. సరఫరా ఇక్కట్లు సర్దుకోవడం ఒక కారణం. ధరలు చివరికి దారికొస్తాయని జనం నమ్మడం మానకపోవడం మరో కారణం. రెండింటిలో దేని వాటా ఎంత అన్నదాని మీద ఆర్థికవేత్తలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.