గడువుకు ముందే తీర్చేసిన అప్పు

"వడ్డీ పైసా ఇవ్వని బాండును ఎవరైనా ఎందుకు కొంటారు?" అని ఒక పాఠకుడు అడిగారు. ధర తగ్గించి అమ్ముతారు కాబట్టి కొంటారు. వడ్డీ అంతా కొన్న ధరకూ, చివర్లో చేతికొచ్చే మొత్తానికీ మధ్య ఉన్న తేడాలోనే ఉంటుంది. దీన్నే జీరో కూపన్ బాండు అంటారు. ఇంతవరకు ఏ పాఠ్యపుస్తకమైనా చెబుతుంది. నన్ను పట్టుకున్నది మాత్రం గుజరాత్‌లో నడిచిన ఒక కథ.

నర్మద మీద అప్పట్లో ఆనకట్ట కడుతున్న గుజరాత్ ప్రభుత్వ సంస్థ సర్దార్ సరోవర్ నర్మదా నిగమ్ 1993లో ఇలాంటి బాండ్లు అమ్మింది. ఒక్కో బాండు ధర 3,600 రూపాయలు. ఇరవై ఏళ్ల తరువాత, 2014 జనవరిలో 1,11,000 రూపాయలు ఇస్తామని మాట.

3,600 ఎన్ని రెట్లయితే 1,11,000 అవుతుంది? దాదాపు 30.8 రెట్లు. ఏ సంఖ్యను ఇరవైసార్లు వేసి ఒకదానితో ఒకటి గుణిస్తే 30.8 వస్తుందో చూస్తే 1.187 తేలుతుంది. అంటే ఏటా 18.7 శాతం చక్రవడ్డీ. బడిలో చక్రవడ్డీ సూత్రాన్ని ఎప్పుడూ అసలు నుంచి మొత్తానికే నడిపిస్తారు. మొత్తం నుంచి వెనక్కి వచ్చి రేటు పట్టుకోవడం నేర్పితే పిల్లలకు ఈ బాండు అప్పుడే అర్థమయ్యేది.

ఈ 18.7 శాతం కొన్న రోజే ఖాయమవుతుంది. అదెంత విలువైనదో తెలియాలంటే పక్కన మామూలు బాండును పెట్టి చూడాలి. అదే 3,600 పెట్టి, అదే 18.7 శాతం వడ్డీని ఏటేటా చేతికిచ్చే బాండు కొన్నారనుకోండి. ఏడాదికి 673 రూపాయలు వస్తాయి. ఆ డబ్బును మళ్లీ ఎక్కడో దాచాలి. ఎప్పటికప్పుడు 18.7 శాతమే దొరికితే చివరికి 1,11,000 అవుతుంది. బయట 8 శాతమే దొరికితే? అసలుతో కలిపి 34,400 దగ్గర ఆగిపోతుంది. బాండు మాట తప్పలేదు, వడ్డీ ఏటా సరిగ్గానే ఇచ్చింది. పడిపోయింది మీరు మళ్లీ దాచుకున్న చోటి రేటు. జీరో కూపన్‌లో మధ్యలో చేతికొచ్చేది ఏమీ లేదు కాబట్టి ఆ బెడదా లేదు. పాత రేటు చొప్పునే వడ్డీ మీద వడ్డీ లోపలే పెరుగుతూ పోతుంది.

పెరిగే తీరు కూడా చూడండి. మొదటి ఏడాది కలిసేది 673 రూపాయలే. పదేళ్లు గడిచినా విలువ ఇంచుమించు 20,000. చివరి ఒక్క ఏడాదిలోనే 17,500 దాకా కలుస్తుంది. పంటంతా చివర్లోనే ఉంది.

సరిగ్గా అక్కడే కత్తెర పడింది. 1990ల తరువాత దేశంలో వడ్డీ రేట్లు బాగా దిగివచ్చాయి. అంత రేటు భరించడం నిగమ్‌కు బరువైంది. బాండ్లను ముందే తీర్చేసే అధికారం దానికి కట్టబెడుతూ 2008లో గుజరాత్ శాసనసభ ఒక చట్టమే చేసింది. 2009 జనవరిలో బాండుకు 50,000 రూపాయలు ఇచ్చి లెక్క ముగించారు.

ఇందులో తమాషా ఏమిటంటే, ఆనాటికి ఆ 50,000 తక్కువేమీ కాదు. 18.7 శాతం చొప్పున పదిహేనేళ్లకు రావలసింది 47,100 మాత్రమే. అంటే గడిచిన కాలానికి రాబడి 19 శాతం దాటింది. వెనక్కి చూసి లెక్క వేసేవారికి అన్యాయం ఎక్కడా కనబడదు. అది మిగిలిన అయిదేళ్లలో ఉంది. 50,000 అయిదేళ్లలో 1,11,000 కావాలంటే ఏటా 17 శాతం పైనే రావాలి. నమ్మకమైన చోట అంత రేటు అప్పుడు ఎవరిస్తారు? 8.5 శాతం దొరికిందనుకుంటే 2014కి ఆ డబ్బు దాదాపు 75,000 అవుతుంది. తేడా 36,000 రూపాయలు, అంటే మొదట పెట్టిన సొమ్ముకు పది రెట్లు.

అందుకే "కొన్న రోజే రాబడి ఖాయం" అన్న మాటకు రెండు షరతులున్నాయి. ఒకటి, గడువు దాకా మీరు అట్టిపెట్టుకోవాలి. మధ్యలో అమ్మితే ఆ రోజు బజారు రేటును బట్టి ధర మారుతుంది. రేట్లు పెరిగి ఉంటే నష్టానికి అమ్ముకోవలసి రావచ్చు. రెండోది, అప్పు తీసుకున్నవారు కూడా గడువు దాకా ఆగాలి. ముందే తీర్చే హక్కు తమకు ఉందని కొన్ని సంస్థలు బాండు పత్రంలోనే రాసుకుంటాయి. అలా ఉంటే గడువు నాటి మొత్తంతో పాటు, వాళ్లు తీర్చగల ప్రతి తేదీకీ ఇచ్చే మొత్తంతో కూడా రేటు కట్టి చూసుకోవాలి. రేట్లు పడినప్పుడే వాళ్లకు ఆ హక్కు గుర్తొస్తుంది. నర్మదా బాండ్లు కొన్నవారు పత్రాన్ని ఎంత శ్రద్ధగా చదివినా, పదిహేనేళ్ల తరువాత రాబోయే చట్టం అందులో కనిపించేది కాదు.