డబ్బులు కట్ అయ్యాయి కదా అంటే కుదరదు

గుంటూరు బ్రాడీపేటలో మాది ఆన్‌లైన్ సెంటర్. పరీక్షల అప్లికేషన్లకు ఆఖరి తేదీ దగ్గరపడిందంటే చాలు, ఫోన్‌లో బ్యాంకు మెసేజ్ చూపిస్తూ వచ్చేవాళ్లు ఎక్కువైపోతారు.

అపోహ: "అకౌంట్‌లో డబ్బులు కట్ అయ్యాయి, అప్లికేషన్ అయిపోయినట్టే."

వాస్తవం: ఎక్కువమంది కొంప ముంచేది ఇదే. డబ్బు మీ అకౌంట్ నుంచి బయటికి వెళ్లిందనే బ్యాంకు మెసేజ్ చెబుతుంది. పరీక్ష పెట్టేవాళ్లకు చేరిందో లేదో వాళ్ల సైట్‌లోనే తెలుస్తుంది. ఈఏపీసెట్‌లో అందుకోసమే పేమెంట్ స్టేటస్ చూసుకునే లింకు వేరుగా పెట్టారు. జేఈఈ మెయిన్‌లో కన్ఫర్మేషన్ పేజీ వస్తేనే లెక్క.

ఆ మధ్య ఆఖరి రోజు సాయంత్రం మంగళగిరి నుంచి ఒకాయన కూతుర్ని తీసుకొచ్చారు. అల్లుడి ఫోన్‌లో యూపీఐతో 800 రూపాయలు కట్టారు, డబ్బులు పోయాయి, కన్ఫర్మేషన్ పేజీ రాలేదు. అమ్మాయి కళ్లనిండా నీళ్లు. "మళ్లీ కట్టమంటావేంటి బాబూ, ఒకసారి కట్టాం కదా" అని ఆయన పంతం. లాగిన్ అయి చూస్తే ఫీజు చేరలేదు. లాగౌట్ అయి, కాసేపు ఆగి మళ్లీ చూసినా అంతే. గడువు ఉండగానే రెండోసారి కట్టించాం, పేజీ వచ్చింది. ఇలాంటప్పుడు మళ్లీ కట్టమని, ఒకే అప్లికేషన్‌కు రెండు ఫీజులు అందితే అదనంగా వచ్చింది తిరిగి ఇస్తామని జేఈఈ పెట్టే ఎన్‌టీఏ బులెటిన్‌లోనే ఉంటుంది. మొదటి 800 కొన్ని రోజులకు వెనక్కి వచ్చింది, అదీ అల్లుడి అకౌంట్‌కే. కట్టిన అకౌంట్‌కే రిఫండ్ వెళ్తుంది మరి. మా సెంటర్ అకౌంట్ నుంచి కట్టించుకుని, డబ్బు తన ఫోన్‌కి రాలేదని మా మీద పడేవాళ్లూ ఉన్నారు!

అపోహ: "ఏ డబ్బయినా అయిదు రోజుల్లో వచ్చేస్తుంది."

వాస్తవం: రిజర్వ్ బ్యాంకు 2019లో పెట్టిన ఈ గడువు, డబ్బు కట్ అయి ఫీజు తీసుకునేవాళ్లకు చేరని లావాదేవీలకే. యూపీఐ అయినా, ఆన్‌లైన్‌లో కార్డుతో కట్టినా అంతే. అయిదు రోజులు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. రెండు పేమెంట్లూ సక్సెస్ అయితే మాత్రం ఈ రూల్ వర్తించదు, ఎందుకంటే బ్యాంకు దృష్టిలో అక్కడ తప్పేమీ జరగలేదు. అప్పుడు రెండు ట్రాన్సాక్షన్ నంబర్లతో పరీక్ష పెట్టేవాళ్లకే మెయిల్ పెట్టాలి. వాళ్ల నోటిఫికేషన్ ఎలా చెబితే అలా. ఈలోగా గూగుల్‌లో దొరికిన హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి పిన్ కొట్టారో, ఉన్నదీ పోతుంది. రిఫండ్‌కి పిన్ అక్కర్లేదు.

అపోహ: "ఫీజు మినహాయింపు ఉన్నా ముందు కట్టేస్తే తర్వాత ఇస్తారు."

వాస్తవం: కేంద్ర ఉద్యోగాల ఎస్‌ఎస్‌సీ పరీక్షల్లో మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఫీజే లేదు, కట్టింది తిరిగి ఇవ్వరు. కేటగిరీ సరిగ్గా పెట్టుకోండి. రైల్వే పద్ధతి వేరు: మహిళలు, ఎస్సీ, ఎస్టీలు 250 కట్టాలి, మొదటి కంప్యూటర్ పరీక్ష, అంటే సీబీటీ రాస్తే బ్యాంకు చార్జీలు పట్టుకుని మిగతాది ఇస్తారు. పరీక్షకు వెళ్లకపోతే అదీ రాదు.